యూకేలో నర్సు రిజిస్ట్రేషన్ రెన్యువల్: 35 గంటల లెక్క ఎలా తేల్చుకోవాలి

"అక్కా, నా దగ్గర 41 గంటలకు సర్టిఫికెట్లు ఉన్నాయి. 35 చాలు కదా, నాకేం టెన్షన్ లేదు" అంది మా వార్డులో పనిచేసే ఖమ్మం అమ్మాయి, 2025 జులైలో, టీ బ్రేక్‌లో. ఫోన్ తీసి ఫొటోల ఫోల్డర్ చూపించింది. పది నిమిషాలు ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూసేసరికి తేలిందేమిటంటే, మొత్తం గంటలు సరిపోతున్నాయి కానీ ఆమె రెన్యువల్‌కు అర్హురాలు కాదు. ఎందుకు కాదో, తర్వాత ఎలా సరిచేశామో చెబితే మీ ఫైలు మీరే సిద్ధం చేసుకోవచ్చు.

ఇది యూకేలో నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉన్న మన నర్సుల కోసం. అందరూ ఎన్‌ఎంసీ అంటారు. ఇంటికి ఫోన్ చేసి "ఎన్‌ఎంసీ రెన్యువల్ ఉంది" అంటే, ఇండియాలో డాక్టర్లకు సంబంధించిన నేషనల్ మెడికల్ కమిషన్ అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. ఇక్కడ మూడేళ్లకోసారి చేసే ఈ రెన్యువల్‌ను రీవాలిడేషన్ అంటారు. 2016 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి నడుస్తోంది.

మనకు సీఎన్‌ఈ సర్టిఫికెట్లు పోగేసుకుని కౌన్సిల్‌కు ఇవ్వడం అలవాటు. ఇక్కడ సర్టిఫికెట్ల కట్ట ఎవరికీ పంపనక్కర్లేదు, అప్లికేషన్‌తో అప్‌లోడ్ కూడా చేయరు. మీ ఫైలును మీ దగ్గరే ఉంచుకుని, ఒక మనిషికి చూపించి, ఆయన లేదా ఆమె "చూశాను, సరిపోయింది" అని ధృవీకరించాక ఆన్‌లైన్‌లో డిక్లేర్ చేస్తారు. ఆ మాట విని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అక్కడే ఇరుక్కుంటారు.

ముందు తేదీ తేల్చుకోండి

మీ రిజిస్ట్రేషన్ ముగిసే తేదీ వేరు, రీవాలిడేషన్ అప్లికేషన్ పెట్టాల్సిన తేదీ వేరు. రిజిస్ట్రేషన్ ఏ నెలాఖరుకు ముగుస్తుందో ఆ నెల ఒకటో తారీఖే అప్లికేషన్‌కు గడువు. ఆ అమ్మాయి రిజిస్ట్రేషన్ 2025 నవంబర్ 30తో ముగుస్తుంది. అంటే నవంబర్ 1 లోపల అప్లికేషన్ వెళ్లిపోవాలి. "ఇంకా నెలాఖరు దాకా ఉందిగా" అనుకున్నవాళ్లు సరిగ్గా ఆ నెల రోజులు తప్పు లెక్క వేస్తారు.

గడువుకు కనీసం 60 రోజుల ముందు ఎన్‌ఎంసీ మీకు కబురు పెడుతుంది, అప్లికేషన్ కూడా అప్పుడే తెరుచుకుంటుంది. ఆమెకు అది సెప్టెంబర్ మొదట్లో. కబురు ఈమెయిల్‌లో వస్తుంది కాబట్టి, NMC Online లోకి వెళ్లి అక్కడ ఏ ఈమెయిల్ ఉందో ఈ రోజే చూసుకోండి. ఇండియాలో ఉన్నప్పుడు ఏజెంటు తెరిచిన మెయిల్, పాస్‌వర్డ్ మర్చిపోయిన పాత మెయిల్ ఉన్నవాళ్లు నాకు తెలిసి ఒకరిద్దరు కాదు. మీకు మెయిల్ అందలేదన్నది గడువు దాటాక పనికొచ్చే కారణం కాదు. పాస్‌వర్డ్ పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే చూసేయండి.

గడువు దాటితే ఏమవుతుంది? రిజిస్ట్రేషన్ ల్యాప్స్ అవుతుంది. మళ్లీ రిజిస్టర్‌లో చేరడానికి రీఅడ్మిషన్ అప్లికేషన్ పెట్టాలి, దానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో నర్సుగా డ్యూటీ చేయడానికి వీల్లేదు. జబ్బు వల్లో, ఇంకేదైనా నిజమైన ఇబ్బంది వల్లో గడువులోగా చేయలేమనిపిస్తే, గడువుకు ముందే ఎన్‌ఎంసీకి ఫోన్ చేసి మాట్లాడాలి.

పని గంటలు: తేలికైన భాగం

గత మూడేళ్లలో 450 గంటలు నర్సుగా పనిచేసి ఉండాలి. నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ రెండు రిజిస్ట్రేషన్లు రెన్యూ చేసుకునేవాళ్లకు 900. వారానికి 37.5 గంటల ఫుల్‌టైమ్ వాళ్లకు 450 అంటే 12 వారాల పని. వారానికి పదకొండున్నర గంటల లాంగ్ డేలు రెండు చేసేవాళ్లకు 20 వారాలలోపే అయిపోతుంది. మూడేళ్లలో ఇది పెద్ద విషయం కాదు.

కాకపోతే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. సెలవు, సిక్ లీవ్, మెటర్నిటీ లీవ్ ఈ లెక్కలోకి రావు. అలాగే మీకు పిన్ రాకముందు, ఆస్కీ పరీక్షకు తయారవుతూ వార్డులో చేసిన డ్యూటీ కూడా రాదు, అప్పటికి మీరు ఇక్కడ రిజిస్టర్డ్ నర్సు కారు గనక. ఈ అమ్మాయి మధ్యలో ఏడాదిపాటు ప్రసూతి సెలవులో ఉంది, తిరిగి వచ్చాక వారానికి రెండే షిఫ్టులు. అయినా 450 దాటి చాలా ముందుకు వెళ్లింది. ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎలాంటి పని, ఎన్ని గంటలు అన్నది ఒక పేజీలో రాసుకుని, రోస్టర్ ప్రింట్లో, పే స్లిప్పులో వెనక పెట్టుకుంటే సరి. బ్యాంక్ షిఫ్టులు, ఏజెన్సీ షిఫ్టులు చేసినవాళ్లు వాటి టైమ్‌షీట్లు విడిగా దాచుకోవాలి. ఎందుకంటే ఏజెన్సీ మారిపోయాక పాత కాగితం అడగడానికి మనిషి దొరకడు.

అసలు చిక్కు: 35లో 20

మూడేళ్లలో 35 గంటల సీపీడీ, అంటే మీ పనికి సంబంధించి నేర్చుకున్నది, ఉండాలి. అందులో కనీసం 20 గంటలు పార్టిసిపేటరీ అయి ఉండాలి. అంటే మరొక ప్రొఫెషనల్‌తో గానీ కొందరితో గానీ మాటామంతీ జరిగిన నేర్చుకోవడం. ఒకే గదిలో ఉండాలని లేదు, వీడియో కాల్‌లో జరిగినా చెల్లుతుంది. కానీ మీరు ఒంటరిగా స్క్రీన్ ముందు కూర్చుని నెక్స్ట్, నెక్స్ట్ నొక్కిన ఈ-లెర్నింగ్ పార్టిసిపేటరీ కాదు, దానికి ఎంత అందమైన సర్టిఫికెట్ వచ్చినా సరే.

ఇప్పుడు ఆ అమ్మాయి 41 గంటలు చూద్దాం. అందులో 21 పార్టిసిపేటరీ అని తానే రాసుకుంది.

ముందు తీసేయాల్సినవి తీసేశాం. ఫైర్ సేఫ్టీ గంటన్నర, ఇన్ఫర్మేషన్ గవర్నెన్స్ గంటన్నర, హెల్త్ అండ్ సేఫ్టీ రెండు గంటలు. మీ నర్సింగ్ పనితో నేరుగా సంబంధం లేని మాండేటరీ ట్రైనింగ్‌ను సీపీడీలో కలపొద్దని ఎన్‌ఎంసీ గైడెన్స్ చెబుతుంది, దానికి ఫైర్ ట్రైనింగ్‌నే ఉదాహరణగా చూపిస్తుంది. హాస్పిటల్‌లో ఎవరు పనిచేసినా, రిసెప్షన్‌లో కూర్చునే మనిషైనా సరే చేసే ట్రైనింగ్ అయితే అది మీ నర్సింగ్ సీపీడీ కాదు అనుకోండి, ఎక్కువసార్లు ఈ కొలత సరిపోతుంది. ఐదు గంటలు పోయాయి, 36 మిగిలాయి. మొత్తంగా చూస్తే ఇంకా 35 పైనే ఉంది, అమ్మాయి ఊపిరి పీల్చుకుంది.

తర్వాత పార్టిసిపేటరీ 21 చూశాం. అందులో ఆరు గంటలు వెబినార్లు. "లైవ్‌లో ఉన్నావా?" అని అడిగాను. "లేదక్కా, పాపను పడుకోబెట్టాక రికార్డింగ్ చూశాను." రికార్డింగ్‌లో మీరు ప్రశ్న అడగలేరు, ఎవరూ మీకు జవాబు చెప్పరు. కాబట్టి ఆ ఆరూ సొంతంగా నేర్చుకున్న గంటల్లోకి వెళ్లాయి. ఇక పార్టిసిపేటరీ మిగిలింది 15. ఐదు గంటలు తక్కువ. మొత్తం 36 ఉన్నా ఫైలు కుదరలేదు అన్నది ఇందుకే.

ఇది జులైలో బయటపడింది కాబట్టి బతికిపోయాం. ఆగస్టులో మా టిష్యూ వయబిలిటీ టీమ్ ప్రెషర్ అల్సర్ల మీద ఒక పూట వర్క్‌షాప్ పెట్టింది, నాలుగు గంటలు. దానికి వెళ్లింది. మిగిలిన గంట కోసం మరో కోర్సు వెతకలేదు. వార్డులో ఇద్దరు నర్సులతో కూర్చుని, ప్రెషర్ అల్సర్ల మీద వచ్చిన ఒక వ్యాసం ముందుగా చదివి, మన వార్డులో ఇందులో ఏది చేస్తున్నాం, ఏది చేయడం లేదని గంటన్నర చర్చించారు. తేదీ, ఎవరెవరు ఉన్నారు, ఏం చదివారు, ఏం తేల్చుకున్నారు అని ఒక పేజీ నోట్స్ రాసుకుంది. అదీ పార్టిసిపేటరీయే. డబ్బు కట్టే కోర్సులే సీపీడీ అన్న భ్రమ మనలో చాలా ఉంది, ఆ భ్రమ మీద వ్యాపారాలు కూడా నడుస్తున్నాయి. ఎన్‌ఎంసీ ఫలానా కోర్సే చేయాలని ఎక్కడా చెప్పదు. నీ పనికి సంబంధించి నువ్వేం నేర్చుకున్నావన్నదే దానికి కావాలి.

చివరికి పార్టిసిపేటరీ 20.5, మొత్తం 41.5. మీరు మాత్రం ఇంత అంచు మీద ఆగకండి. ఇరవై కావాల్సిన చోట ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటే, ఏదో ఒకటి చెల్లదని తేలినా ఇబ్బంది ఉండదు.

గంటలు లెక్కపెట్టేటప్పుడు నా పద్ధతి ఒకటి చెబుతాను. ఉదయం తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా స్టడీ డే అంటే ఏడున్నర గంటలు కాదు. లంచ్‌కు ముప్పావు గంట, రెండు టీ బ్రేకులకు అరగంట తీసేస్తే ఆరుంబావు. అదే రాస్తాను. సర్టిఫికెట్ మీద గంటలు వేయని వాళ్లు చాలామంది ఉంటారు, అప్పుడు ఆ రోజు టైమ్‌టేబుల్ కాగితం కూడా సర్టిఫికెట్‌తో కలిపి ఉంచుకుంటే ఎవరూ వేలు పెట్టలేరు.

రుజువు అంటే ఏమిటి

ప్రతి సీపీడీకి మీ రికార్డులో ఉండాల్సినవి ఇవి: ఏ రూపంలో నేర్చుకున్నారు (స్టడీ డే, ఈ-లెర్నింగ్, చర్చ), ఏ విషయం, అది మీ పనికి ఎలా సంబంధం, తేదీ, గంటలు, అందులో పార్టిసిపేటరీ ఎన్ని, ఎన్‌ఎంసీ కోడ్‌లో ఏ భాగానికి చెందుతుంది. దాంతోపాటు జరిగిందనడానికి ఒక ఆధారం. సర్టిఫికెట్ కావచ్చు, హాజరు పట్టీ కావచ్చు, మీ నోట్స్ కావచ్చు.

కోడ్ అంటే పెద్ద పుస్తకం కంఠతా పట్టాలని కాదు. అందులో నాలుగు భాగాలున్నాయి: మనుషులకు మొదటి స్థానం ఇవ్వడం, పనిని సమర్థంగా చేయడం, భద్రతను కాపాడటం, వృత్తి మీద నమ్మకాన్ని నిలబెట్టడం. ప్రెషర్ అల్సర్ల వర్క్‌షాప్ మూడోదానికి చెందుతుంది. ఒక్కదాన్ని ఎంచుకుని రాస్తే చాలు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి. మొదటి ఉద్యోగం వదిలి వేరే చోట చేరినప్పుడు, పాత చోట చేసిన ఈ-లెర్నింగ్ రికార్డు అంతా ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఆఖరి షిఫ్ట్ అయిన వారానికి లాగిన్ మూసేశారు. తొమ్మిది గంటల సర్టిఫికెట్ల కోసం నెలన్నర మెయిల్స్ రాశాను, సగమే దొరికాయి. అందుకే చెబుతున్నాను, ఉద్యోగం మారేటప్పుడు యూనిఫాం తిరిగి ఇచ్చేముందు ట్రైనింగ్ రికార్డు పీడీఎఫ్‌గా దింపి సొంత మెయిల్‌కు పంపుకోండి. ఇంగ్లండ్, వేల్స్ ఎన్‌హెచ్‌ఎస్‌లో అయితే ESR లో దొరుకుతుంది. కేర్ హోమ్‌లలో ఒక్కోచోట ఒక్కో వెబ్‌సైట్ ఉంటుంది, మేనేజర్‌నే అడగాలి.

ఐదు ఫీడ్‌బ్యాక్‌లు, ఐదు రిఫ్లెక్టివ్ అకౌంట్లు

మూడేళ్లలో మీ పని గురించి మీకు వచ్చిన ఐదు ఫీడ్‌బ్యాక్‌లు కావాలి. పేషెంటు నోటితో చెప్పిన మాట, కుటుంబసభ్యుల ఫిర్యాదు, స్టూడెంట్ నర్సు రాసిన నాలుగు వాక్యాలు, మేనేజర్ అప్రైజల్‌లో అన్న మాట, ఏదైనా చెల్లుతుంది. పొగడ్తే అయి ఉండాలని లేదు. నిజానికి తిట్టు అయితేనే రాయడానికి సరుకు దొరుకుతుంది.

తర్వాత ఐదు రిఫ్లెక్టివ్ అకౌంట్లు రాయాలి. వీటికి ఎన్‌ఎంసీ ఇచ్చిన ఫారమే వాడాలి. అందులో నాలుగు ప్రశ్నలు ఉంటాయి: ఏం జరిగింది, మీరేం నేర్చుకున్నారు, దానివల్ల మీ పనిలో ఏం మార్చుకున్నారు, కోడ్‌కు దీనికి సంబంధం ఏమిటి. సీపీడీ గురించి రాయొచ్చు, ఫీడ్‌బ్యాక్ గురించి రాయొచ్చు, డ్యూటీలో జరిగిన సంఘటన గురించి రాయొచ్చు.

ఎక్కువమంది సీపీడీ ఒక మూట, ఫీడ్‌బ్యాక్ ఒక మూట, రిఫ్లెక్షన్ ఇంకో మూట అనుకుని మూడింటికీ విడివిడిగా వెతుక్కుంటారు. ఒకే విషయం మూడు చోట్లా పనికొస్తుంది. ఈ అమ్మాయికి జరిగింది చూడండి. మేలో ఒక పెద్దావిడను డిశ్చార్జ్ చేశారు, మడమ మీద ప్రెషర్ అల్సర్ మొదలై ఉంది. నాలుగు రోజుల తర్వాత కూతురు వార్డుకు ఫోన్ చేసింది: "కాలు ఎలా పెట్టాలో, ఎంతసేపటికి తిప్పాలో మాకెవరూ చెప్పలేదు." ఫోన్ తీసింది మన అమ్మాయే, డిశ్చార్జ్ చేసిందీ తనే. అది ఫీడ్‌బ్యాక్. ఆగస్టులో వెళ్లిన వర్క్‌షాప్ సీపీడీ. ఈ రెంటినీ కలిపి రాసినది రిఫ్లెక్టివ్ అకౌంట్.

మొదట తను రాసి తెచ్చింది ఇలా ఉంది: "పేషెంటు కుటుంబంతో కమ్యూనికేషన్ చాలా ముఖ్యమని నేర్చుకున్నాను. ఇకపై మరింత బాగా కమ్యూనికేట్ చేస్తాను." నేను చదివి, "ఇది నువ్వు రాశావా, నెట్‌లో దొరికిందా?" అన్నాను. నవ్వింది. ఏ నర్సైనా, ఏ వార్డు గురించైనా రాయగలిగే మాటలు అవి. ఇద్దరం మాట్లాడుకున్నాక మళ్లీ రాసింది. తెలుగులో చెబితే దాని సారాంశం ఇది:

"డిశ్చార్జ్ సమయంలో మందుల గురించి కూతురికి వివరించాను. మడమ గురించి డిశ్చార్జ్ లెటర్‌లో ఉంది కదా అనుకుని నోటితో చెప్పలేదు. లెటర్ జీపీ కోసం రాసేది, ఇంట్లో చూసుకునే మనిషి కోసం కాదని ఆమె ఫోన్ చేశాకే తట్టింది. వర్క్‌షాప్‌లో మడమను దిండు మీద ఆనించడం కాదు, గాల్లో తేలేలా పిక్క కింద దిండు పెట్టాలని చేసి చూపించారు. ఇప్పుడు చర్మం దెబ్బతిన్న పేషెంటును ఇంటికి పంపేముందు, చూసుకునే మనిషి చేత ఒకసారి దిండు పెట్టించి చూస్తున్నాను. జూనియర్లకు కూడా ఇదే చూపించాను."

తేడా కనిపిస్తోందా? రెండోదాంట్లో తను చేసిన తప్పు ఏమిటో ఉంది, ఎందుకు చేసిందో ఉంది, ఇప్పుడు చేతులతో ఏం చేస్తోందో ఉంది. నాలుగో ప్రశ్నకు భద్రతను కాపాడటం, మనుషులకు మొదటి స్థానం అని రెండు భాగాలూ రాసింది. మొత్తం ఒక పేజీ కూడా లేదు. పేజీలు నింపితే ఎక్కువ మార్కులు రావు, ఇక్కడ మార్కులే లేవు.

ఇంగ్లిష్‌లో రాయడం కష్టమనిపిస్తే ముందు తెలుగులో ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసి చెప్పుకోండి, తర్వాత చిన్న వాక్యాల్లో ఇంగ్లిష్‌లో పెట్టండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే రెడీమేడ్ అకౌంట్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఒకే మేనేజర్ దగ్గరకు ఒకే వాక్యాలతో ఇద్దరు నర్సులు వెళ్లిన సందర్భం నాకు తెలుసు. గంటలు, ఆధారాలు అబద్ధం అని తేలితే రెన్యువల్ ఆగడంతో పోదు, ఫిట్‌నెస్ టు ప్రాక్టీస్ విచారణ దాకా వెళ్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఏ కాగితంలోనూ పేషెంటును గానీ, తోటి ఉద్యోగిని గానీ గుర్తుపట్టగలిగే వివరం ఉండకూడదు. పేరు తీసేస్తే చాలదు. "మే 14న, ఫలానా వార్డు, ఆరో బెడ్, 83 ఏళ్ల ఆవిడ" అంటే పేరు రాసినట్టే. పేషెంట్లు ఇచ్చిన థాంక్యూ కార్డులను ఫొటో తీసి ఫైల్లో పెట్టేవాళ్లు ఉంటారు. వద్దు. అందులో ఏం రాశారో పేరు లేకుండా ఒక వాక్యంలో రాసుకుంటే అదే ఫీడ్‌బ్యాక్ నోట్.

ఇద్దరు మనుషులు, రెండు సంతకాలు

ఐదు అకౌంట్లు అయ్యాక వాటి మీద మరొక ఎన్‌ఎంసీ రిజిస్టర్డ్ నర్సుతోనో మిడ్‌వైఫ్‌తోనో నర్సింగ్ అసోసియేట్‌తోనో మాట్లాడాలి. దీన్ని రిఫ్లెక్టివ్ డిస్కషన్ అంటారు. కూర్చుని మాట్లాడాలి, లేదా వీడియో కాల్‌లో. కాగితాలు పంపి సంతకం పెట్టించుకోవడం డిస్కషన్ కాదు. అయ్యాక వాళ్లు నిర్ణీత ఫారం నింపి సంతకం చేస్తారు.

రెండో మనిషి కన్‌ఫర్మర్. వీలైనంతవరకు మీ లైన్ మేనేజరే. పని గంటలు, సీపీడీ, ఫీడ్‌బ్యాక్, అకౌంట్లు, డిస్కషన్ ఫారం అన్నీ చూసి షరతులు నెరవేరాయని కన్‌ఫర్మేషన్ ఫారం మీద సంతకం చేసేది ఈ మనిషి. రెన్యువల్‌కు ముందు 12 నెలల్లో ఇది జరగాలి. రెండేళ్ల కింద అప్రైజల్‌లో చూపించేశానంటే కుదరదు.

మేనేజర్ కూడా ఎన్‌ఎంసీ రిజిస్టర్‌లో ఉంటే ఒకే మీటింగ్‌లో రెండు పనులూ అయిపోతాయి. మా వార్డులో అంతే. కేర్ హోమ్‌లలో చాలాచోట్ల మేనేజర్ నర్సు కాదు. అప్పుడు కన్‌ఫర్మర్‌గా మేనేజర్ ఉండొచ్చు గానీ, డిస్కషన్‌కు మాత్రం వేరే నర్సును వెతుక్కోవాలి. ఇది ముందు తెలియక, ఆఖరి వారంలో "అక్కా, ఎవరైనా నర్సు ఉన్నారా" అని ఫోన్లు చేసేవాళ్లు ఉంటారు. ఇంట్లో మనిషినో ప్రాణస్నేహితురాలినో పెట్టుకోవద్దు. ఈ ఇద్దరి వివరాలూ ఎన్‌ఎంసీకి ఇస్తారు, వాళ్లను అడిగే అవకాశమూ ఉంది.

మీటింగ్‌కు గంటసేపు అడగండి, పావుగంట కాదు. ఫైలు రెండు రోజుల ముందే ఇస్తే మేనేజర్ చదువుకుని వస్తారు. ఆ అమ్మాయి సెప్టెంబర్ మూడో వారంలో టైమ్ తీసుకుంది. ఆ రోజు వార్డులో ఇద్దరు రాకపోవడంతో మీటింగ్ వాయిదా పడింది, మళ్లీ పది రోజులకు కుదిరింది. గడువు దగ్గర పెట్టుకుని ఉంటే ఆ పది రోజులే ప్రాణం తీసేవి.

ఆన్‌లైన్‌లో నింపడం

ఇదంతా అయ్యాక NMC Online లో అప్లికేషన్ నింపడానికి అరగంట చాలు. పని గంటలు ఎక్కడ చేశారో రాస్తారు. సీపీడీ, ఫీడ్‌బ్యాక్, అకౌంట్లు అయ్యాయని డిక్లేర్ చేస్తారు. డిస్కషన్ చేసిన మనిషి పేరు, పిన్, ఈమెయిల్, కన్‌ఫర్మర్ వివరాలు అడుగుతుంది. మీటింగ్‌లో ఉండగానే వాళ్ల పిన్ అక్షరాలతో సహా రాసుకోండి. చివర్లో ఉన్నది సున్నానా, ఇంగ్లిష్ ఓ అక్షరమా అన్న చిన్న అనుమానం దగ్గర చాలామంది ఆగిపోతారు. మన ఓవర్సీస్ వాళ్ల పిన్ చివర ఉండేది అక్షరమే.

తర్వాత హెల్త్ అండ్ క్యారెక్టర్ ప్రశ్నలు. పోలీసు హెచ్చరిక, కేసు, శిక్ష ఏదైనా ఉంటే, వేరే దేశపు కౌన్సిల్ మీ మీద చర్య తీసుకుని ఉంటే చెప్పాలి. అనుమానం ఉంటే దాచకుండా ముందు అడిగి తెలుసుకోండి. దాచినందువల్ల వచ్చే తలనొప్పి అసలు విషయం కంటే పెద్దదవుతుంది. ఇన్‌డెమ్నిటీ ప్రశ్నకు ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసేవాళ్లకు జవాబు తేలిక, యజమాని ద్వారానే ఉంటుంది. ఏజెన్సీకి చేసేవాళ్లు, సొంతంగా చేసేవాళ్లు తమకు ఎవరు కవర్ ఇస్తున్నారో కాగితం చూసి మరీ టిక్ పెట్టాలి.

ఆఖరున ఫీజు. అప్లికేషన్ పెట్టి ఫీజు మర్చిపోతే రెన్యువల్ పూర్తి కాదు. డైరెక్ట్ డెబిట్ పెట్టుకున్నవాళ్లు బ్యాంకు మార్చినప్పుడు దాన్ని కూడా మార్చారో లేదో చూసుకోవాలి. అన్నట్టు ఈ ఫీజు మీద హెచ్‌ఎంఆర్‌సీ దగ్గర ట్యాక్స్ రిలీఫ్ అడగవచ్చు. ఏళ్ల తరబడి అడగనివాళ్లు మనలో బోలెడంత మంది.

వెరిఫికేషన్‌కు ఎంపికైతే

ఏటా కొందరిని ఎంచుకుని ఎన్‌ఎంసీ మరింత సమాచారం అడుగుతుంది. అప్లికేషన్ పెట్టి ఫీజు కట్టిన ఒకటి నుంచి మూడు రోజుల్లోనే మెయిల్ వస్తుంది. మీ మీద అనుమానం వచ్చిందని కాదు. 14 రోజుల్లోపు అడిగినవి ఇవ్వాలి, ఈలోగా మీ రిజిస్ట్రేషన్ పోదు. మీ కన్‌ఫర్మర్‌కు కూడా మెయిల్ వెళ్లవచ్చు, కాబట్టి వాళ్లకో మాట చెప్పి ఉంచండి. లేకపోతే వాళ్లు దాన్ని స్పామ్ అనుకుని తీసేస్తారు. అప్లికేషన్ పెట్టిన వారంలోనే ఊరికి టికెట్ బుక్ చేసుకునేవాళ్లయితే, స్కాన్ చేసిన ఫైలు ఫోన్‌లో తీసుకెళ్లండి. అసలు కాగితాలు బర్మింగ్‌హామ్ అల్మరాలో ఉండి మీరు ఖమ్మంలో ఉంటే ఆ 14 రోజులు చాలా పొట్టివి.

ఆ అమ్మాయికి అలాంటి మెయిల్ రాలేదు. అక్టోబర్ మొదటి వారంలో అప్లికేషన్ పెట్టింది, రెన్యువల్ అయిపోయింది. అదే సాయంత్రం ఫోల్డర్ తీసేసి ఫోన్‌లో చోటు చేసుకుంటానంది. ఆపాను. ఈసారి ఆధారాలను వచ్చే రీవాలిడేషన్ అయ్యేదాకా ఉంచుకోవాలి. పాత ఫోల్డర్‌కు "2025" అని పేరు పెట్టి, పక్కన "2028" అని కొత్తది తెరిచాం. అందులో మొదటి కాగితం, ఆ నెలలోనే వెళ్లిన సెప్సిస్ సిమ్యులేషన్‌ది, మూడు గంటలు, పార్టిసిపేటరీ.